560 మంది, 80 సెకన్లు: ఒక ఇంటర్‌చేంజ్ స్టేషన్ ఎస్కలేటర్ల లెక్కల డైరీ

మొదటి రోజు

రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్ ఇది. పై అంతస్తులో మొదటి లైను ప్లాట్‌ఫారం ఉంది. దాని నుంచి 6 మీటర్లు కిందికి దిగితే కాన్‌కోర్స్, అంటే టికెట్ గేట్లుండే అంతస్తు వస్తుంది. అక్కడి నుంచి 84 మీటర్ల పొడవైన నడవ గుండా వెళ్లి రెండో లైను రైలు ఎక్కాలి. ప్లాట్‌ఫారం ఒక చివర దిగే ఎస్కలేటర్లు రెండు, ఎక్కేది ఒకటి, పక్కనే 2.4 మీటర్ల వెడల్పు మెట్ల దారి ఉన్నాయి. నడవలో మూవింగ్ వాక్‌వే, అంటే నిలబడితే తీసుకెళ్లే చదునైన కదిలే దారి పెట్టాలని, దిగే ఎస్కలేటర్లు చాలుతున్నాయో లేదో మళ్లీ లెక్క చూడాలని మాకు అప్పగించారు. ఉదయం రద్దీలో ప్లాట్‌ఫారం మీద నిలబడే చోటు ఉండటం లేదని ఫిర్యాదులు వచ్చాయి.

పాత లెక్క ఒకే పేజీలో ఉంది. రద్దీ గంటలో 20 రైళ్లు వస్తాయి, రైలుకు సగటున 420 మంది దిగుతారు, అంటే గంటకు 8,400 మంది. మీటరు వెడల్పున్న ఎస్కలేటర్ సెకనుకు 0.5 మీటర్ల వేగంతో నడిస్తే గంటకు 6,000 మందిని మోస్తుంది. రెండూ కలిపితే 12,000. వాడకం 70 శాతం కాబట్టి సరిపోతుందని తేల్చారు. కూడికలో, గుణకారంలో తప్పేమీ లేదు. అయినా ఫిర్యాదులు నిజమే. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా ఎక్కడుందో కనుక్కోవడమే ఈ డైరీలోని పని.

ముందుగా 6,000 అనే సంఖ్య ఎక్కడిదో రాసిపెట్టుకుంటున్నాను. ఎస్కలేటర్ మెట్టు లోతు సుమారు 0.4 మీటర్లు. సెకనుకు 0.5 మీటర్లు కదిలితే సెకనుకు 1.25 మెట్లు, నిమిషానికి 75 మెట్లు మన ముందుకు వస్తాయి. ప్రతి మెట్టు మీదా ఇద్దరు నిలబడితే నిమిషానికి 150 మంది, గంటకు 9,000. ఇది కాగితం మీది సామర్థ్యం. మనుషులు అలా ఎక్కరు. ముందున్న వ్యక్తికీ తనకూ మధ్య ఒక మెట్టు వదులుతారు, బ్యాగు పక్కన పెట్టుకుంటారు, అడుగు వేసే ముందు ఒక్క క్షణం ఆగుతారు. అందుకే యూరప్ ప్రమాణం ఈఎన్ 115-1 ఇదే ఎస్కలేటర్‌కు గంటకు 6,000 మందినే లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే నిమిషానికి 100 మంది, మెట్టుకు సగటున 1.33 మంది. పాత లెక్క వేసినవాళ్లు ఆ జాగ్రత్త తీసుకున్నారు. 9,000 వాడి ఉంటే నేను ఆ పేజీని అక్కడే పక్కన పెట్టేసేవాణ్ణి.

రెండో రోజు, మూడో రోజు

ఉదయం 8 నుంచి 10 దాకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను. చేతిలో నొక్కుడు లెక్కింపు యంత్రం, ఫోనులో స్టాప్‌వాచ్. ఎస్కలేటర్ పై అంచు దగ్గర నిలబడి, క్యూ తెగకుండా నిండుగా ఉన్న నిమిషాలను మాత్రమే లెక్కపెట్టాను. క్యూ లేనప్పుడు ఎంతమంది వెళ్లారో లెక్కిస్తే అది వచ్చినవాళ్ల సంఖ్య అవుతుంది, ఎస్కలేటర్ సామర్థ్యం కాదు. ఈ తేడా గమనించక ఖాళీ నిమిషాలను కూడా కలిపి సగటు తీసేవారిని చాలామందిని చూశాను.

మామూలు ఆఫీసు జనం ఉన్నప్పుడు నిమిషానికి 96 నుంచి 104 మంది దిగారు. ప్రమాణం చెప్పిన 100 మా జనానికి బాగానే అతుకుతోంది. కానీ 8:40 ప్రాంతంలో రైల్వే స్టేషన్ మీదుగా వచ్చే రైళ్లలో సూట్‌కేసులు, గోనె సంచులు, పసిపిల్లలు ఉన్నారు. అప్పుడు అదే ఎస్కలేటర్ నిమిషానికి 84 మందినే దించింది. సూట్‌కేసు ఉన్న మనిషి ఒక మెట్టు పూర్తిగా తీసుకుంటాడు, కింది మెట్టు మీద పెట్టెను ఆనిస్తాడు. కాబట్టి ఇకపై ప్రతి లెక్కనూ 100తో ఒకసారి, 84తో ఒకసారి వేస్తాను.

మూడో రోజు దిగేవాళ్లను లెక్కపెట్టాను. మా బృందంలో ముగ్గురు మూడు బోగీల దగ్గర, నేను ఎస్కలేటర్ దగ్గర. రెండు గంటల్లో దిగినవాళ్ల సగటు పాత లెక్కలో ఉన్నట్టే 420 దగ్గర వచ్చింది. ఎక్కువ మంది దిగిన రైలుకు 560. ఎస్కలేటర్ దగ్గరికి మొదటి మనిషి చేరిన క్షణాన్ని సున్నా అనుకుంటే, ఆ 560 మందిలో చివరివాడు 80వ సెకనుకు చేరాడు. పది సెకన్ల ముక్కలుగా చేస్తే 20, 60, 110, 130, 110, 70, 40, 20. మధ్యలో 130 అన్న చోట చూడండి. సెకనుకు 13 మంది వస్తున్నారు, రెండు ఎస్కలేటర్లూ కలిసి సెకనుకు 3.3 మందిని దించుతున్నాయి.

గంట సగటులో కనబడనిది ఇదే. రైలు జనాన్ని నీళ్ల కుళాయిలా ధారగా వదలదు, బిందెను ఒక్కసారి బోర్లించినట్టు వదులుతుంది. ఆ తర్వాత నిమిషంన్నర సేపు ఎవరూ రారు. గంట లెక్కలో ఆ ఖాళీ సమయం కూడా సామర్థ్యం కిందే జమ అవుతుంది. ఎస్కలేటర్ ఖాళీగా తిరిగిన మెట్లను మాత్రం దాచుకుని తర్వాతి రైలుకు ఇవ్వలేదు.

నాలుగో రోజు

ఈ రోజంతా ఒక్క చిన్న ప్రోగ్రాంతోనే గడిచింది. పది సెకన్లకోసారి క్యూలో ఉన్నవాళ్లకు కొత్తగా వచ్చినవాళ్లను కలిపి, దిగినవాళ్లను తీసేస్తుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. స్ప్రెడ్‌షీట్‌లోనూ చేయవచ్చు.

```python
def queue(arr, per_min, dt=10):
    q, peak, out = 0, 0, []
    for a in arr:
        q = max(0, q + a - per_min * dt / 60)
        peak = max(peak, q)
        out.append(round(q))
    return round(peak), out

arr = [20, 60, 110, 130, 110, 70, 40, 20] + [0] * 10
print(queue(arr, 200))   # 2 x 100
print(queue(arr, 168))   # 2 x 84
```

మొదటి వరుస ఫలితం: 70వ సెకను దగ్గర క్యూలో 320 మంది. పూర్తిగా ఖాళీ అయ్యేసరికి 172 సెకన్లు. రైళ్ల మధ్య విరామం 180 సెకన్లు. అంటే తర్వాతి జనం రావడానికి 8 సెకన్ల ముందు మాత్రమే ఈ క్యూ ఖాళీ అవుతుంది.

ఆ 320 మంది ఎక్కడ నిలబడతారు? ప్లాట్‌ఫారం రెండు అంచుల పసుపు పట్టీలనూ వదిలేస్తే ఎస్కలేటర్ ముందు 6 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు చోటు ఉంది. 108 చదరపు మీటర్లు. మనిషికి అర చదరపు మీటరు ఇస్తే 216 మంది. మిగతా 104 మంది పట్టీ దాటి రైలు వైపు జరగాలి, లేదా అందరూ ఒకరినొకరు ఆనుకుని చదరపు మీటరుకు ముగ్గురు చొప్పున నిలబడాలి. నేను చూసింది రెండోదే. ఎవరూ తోయడం లేదు, అయినా ముందున్నవారి వీపు తగులుతూనే ఉంటుంది. ఫిర్యాదులకు కారణం దొరికింది.

రెండో వరుస, అంటే సామాను ఉన్న జనం: గరిష్ఠ క్యూ 352. ఖాళీ కావడానికి 203 సెకన్లు. ఇది 180 కంటే ఎక్కువ. తర్వాతి రైలు జనం చేరేసరికి ఇంకా 64 మంది అక్కడే ఉంటారు. అలాంటి రెండో రైలు కూడా 560 మందిని దించితే గరిష్ఠ క్యూ 408కి చేరుతుంది. ఆ తర్వాత ప్రతి రైలుకూ మరో 56 మంది పోగవుతారు. ఇది ఎందుకో సులభంగానే తెలుస్తుంది: 180 సెకన్లలో రెండు ఎస్కలేటర్లు దించగలిగేది 504 మందిని, వచ్చేది 560. తక్కువ మంది ఉన్న రైళ్లు మధ్యలో రావడం వల్లే స్టేషన్ ఊపిరి పీల్చుకుంటోంది.

మెట్ల దారిని ఎందుకు కలపలేదని మా సీనియర్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ దారిలో ఎక్కేవాళ్లు ఎదురొస్తున్నారు, కాబట్టి దిగేవాళ్లకు అది పూర్తిగా దొరకదు. పోనీ ఎదురొచ్చేవాళ్లు లేరనుకుని నిమిషానికి 60 మందిని దానికి ఇచ్చి చూశాను. గరిష్ఠ క్యూ 263. అప్పటికీ 216 దాటుతోంది.

ఐదో రోజు

ఈ రోజు సమావేశంలో అందరికీ నచ్చిన ఆలోచన వేగం పెంచడం. 0.5 నుంచి 0.65 మీటర్లకు పెంచితే 30 శాతం ఎక్కువ వస్తుందని అన్నారు. రాదు. మెట్లు 30 శాతం ఎక్కువ వస్తాయి, మనుషులు అంత వేగంగా అడుగు వేయలేరు. మెట్టు వేగంగా వస్తున్న కొద్దీ ఎక్కేముందు తటపటాయింపు పెరుగుతుంది, ఖాళీగా వెళ్లే మెట్లు పెరుగుతాయి. ఈఎన్ 115-1 పట్టికలోనూ 0.65 వేగానికి 7,300, 0.75 వేగానికి 8,200 మందినే ఇచ్చారు. అంటే వేగం 50 శాతం పెంచినా సామర్థ్యం 37 శాతమే పెరుగుతుంది.

7,300తో లెక్క వేశాను. గరిష్ఠ క్యూ 320 నుంచి 277కు దిగింది. అంతే. క్యూ ఖాళీ అయ్యే సమయం మాత్రం 172 నుంచి 143 సెకన్లకు బాగానే తగ్గింది. ఉప్పెన 80 సెకన్లలోనే వచ్చిపడుతుంది కాబట్టి ఆ 80 సెకన్లలో అదనంగా దిగేది కొద్దిమందే.

వేగానికి ఇవ్వాల్సిన మూల్యం కూడా ఉంది. 0.5 వేగానికి ఎక్కేచోట, దిగేచోట రెండేసి చదునైన మెట్లు చాలు, 0.65కు మూడు ఉండాలి. పై వంపు వ్యాసార్థం కనీసం 1 మీటరు నుంచి 1.5 మీటర్లకు పెరుగుతుంది. అంటే యంత్రం పొడవు పెరుగుతుంది. మా ప్లాట్‌ఫారంలో ఆ పొడవు సరిగ్గా క్యూ నిలబడే చోటులోంచే పోతుంది.

ఎవరూ నడవకుండా రెండు వైపులా నిలబడితే ఎక్కువమంది వెళ్లవచ్చన్న మాట కూడా వచ్చింది. 2015 నవంబరులో లండన్ హోబర్న్ స్టేషన్‌లో మూడు వారాల పాటు అలా చేసి చూశారు. రద్దీ గంటలో వెళ్లినవాళ్ల సంఖ్య పావు వంతుకు పైగా పెరిగింది. నడిచేవాడికి ముందూ వెనకా ఎక్కువ ఖాళీ కావాలి కాబట్టి నడక వరుస పలచగా ఉంటుంది, నిలబడితే ఆ ఖాళీ నిండుతుంది. కానీ హోబర్న్ ఎస్కలేటర్ల ఎత్తు 23 మీటర్లకు పైమాటే. అంత ఎత్తు నడిచి ఎక్కేవాళ్లు తక్కువ, కాబట్టి నడక వరుస సగం ఖాళీగా పోయేది. మా దగ్గర 6 మీటర్లు, అదీ దిగడం. నేను చూసినంతలో క్యూ ఉన్నప్పుడు ఇక్కడ రెండు వైపులా ఇప్పటికే నిలబడుతున్నారు. నా 100 ఆ స్థితిలో లెక్కపెట్టిందే. దాని మీద ఇంకా పావు వంతు కలపడం అంటే ఒకే లాభాన్ని రెండుసార్లు రాసుకోవడం. కలపలేదు.

ఎనిమిదో రోజు

రెండు రోజులు నడవ మీద, వాక్‌వే మీద పని చేశాను. నా ఆలోచనను తిప్పింది మాత్రం కాన్‌కోర్స్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న భద్రతా సిబ్బంది ఒకాయన. కింద ఎస్కలేటర్ దిగేచోట పక్కన నిలబడి ఉన్నాం. ఎవరిదో సంచి తెగి టమాటాలు దొర్లాయి. ఆయన నాలుగు అంగల్లో వెళ్లి చేతులు చాచి జనాన్ని పక్కకు మళ్లించారు. తిరిగి వచ్చి అన్నారు: “చూశారా సార్, పైన ఎంతమంది ఆగినా నాకు భయం లేదు. పైన నేల ఆగుతుంది. ఇక్కడ నిండినా మెట్లు ఆగవు.”

ఆయన మాటను కొలిచి చూశాను. దిగే అంచు నుంచి కనీసం 2.5 మీటర్ల లోతున ఖాళీ చోటు ఉండాలని ప్రమాణం అంటుంది. మీటరు వెడల్పు ఎస్కలేటర్‌కు చేతిపట్టీల మధ్య దూరం సుమారు 1.24 మీటర్లు. అంటే 3.1 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నలుగురు చొప్పున ఇరుక్కుంటే 12 మంది. ఎస్కలేటర్ సెకనుకు 1.67 మందిని దించుతుంది. ముందు దారి మూసుకుపోతే ఆ చోటు నిండటానికి 7 సెకన్లు పడుతుంది. ఎనిమిదో సెకనున దిగేవాడికి కాలు పెట్టే చోటు ఉండదు, వెనక్కి వెళ్లే వీలూ ఉండదు. అత్యవసర బటన్ నొక్కినా మెట్లు అక్కడికక్కడే ఆగవు, నిలబడ్డవాళ్లు పడిపోకుండా 20 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా జరిగి ఆగేలా బ్రేకును అమరుస్తారు.

ఇప్పుడు వాక్‌వే పథకం చూద్దాం. రెండు ఎస్కలేటర్లు నిమిషానికి 200 మందిని దించుతాయి. వాళ్లలో 60 శాతం, అంటే 120 మంది రెండో లైనుకు వెళ్తారు. మిగతా 80 మంది ఎడమ పక్క టికెట్ గేట్ల వైపు మళ్లుతారు, అక్కడ ఇబ్బంది లేదు. మీటరు వెడల్పు వాక్‌వే 0.5 వేగంతో నిమిషానికి 100 మందిని తీసుకుంటుంది. డ్రాయింగులో దాని మొదలు ఎస్కలేటర్ల అంచుకు సరిగ్గా ఎదురుగా, 6 మీటర్ల దూరంలో ఉంది. అందరూ దాని మీదే ఎక్కాలనుకుంటే నిమిషానికి 20 మంది మిగిలిపోతారు. ఒక రైలు జనం దిగిపోయేలోపు 50 మంది దాకా ఆ 6 మీటర్లలో పోగవుతారు.

ఎస్కలేటర్ వేగం పెంచితే? నిమిషానికి 243 మంది దిగుతారు, 146 మంది వాక్‌వే వైపు వస్తారు, 46 మంది చొప్పున మిగులుతారు. పోగయ్యేది 100 మంది. ఐదో రోజు సమావేశంలో మనం పైన తగ్గించామని సంతోషించిన 43 మంది ఇక్కడికి దిగివచ్చి, తమతో మరికొందరిని కూడా తెచ్చుకున్నారు. పైన వాళ్లు నిలబడగలరు, ఆగగలరు. ఇక్కడ ఆగలేరు.

ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఎస్కలేటర్లు, వాక్‌వేల మధ్య వేరే దారి లేకపోతే రెండింటి సామర్థ్యమూ ఒకటే ఉండాలని ఈఎన్ 115-1 నియమం. మాకు మధ్యలో గేట్ల వైపు దారి ఉంది కాబట్టి అక్షరాలా ఆ నియమం వర్తించదు. దాని వెనకున్న కారణం మాత్రం పూర్తిగా వర్తిస్తుంది. వేగం పెంచే ప్రతిపాదనను ఈ రోజుతో కొట్టేశాను.

తొమ్మిదో రోజు

వాక్‌వే అసలు ఎంత మోస్తుందో విడిగా చూడాల్సి వచ్చింది. 84 మీటర్లు 0.5 వేగంతో నిలబడి వెళ్తే 168 సెకన్లు. పక్క నేల మీద మామూలుగా, సెకనుకు 1.3 మీటర్లు నడిస్తే 65 సెకన్లు. వాక్‌వే మీదే నడుచుకుంటూ వెళ్తే 47 సెకన్లు. అంటే ముందు ఒక్కరు అడ్డంగా నిలబడితే వెనకవాళ్లందరికీ నేల మీద నడక కంటే రెండున్నర రెట్లు ఎక్కువ సమయం పడుతుంది.

ఇంకోటి. వాక్‌వేలో నిలబడే చోటు మీటరే అయినా, పక్క గోడలు, చేతిపట్టీలు కలిపి 1.65 మీటర్ల నేలను తినేస్తుంది. ఒకే దిశలో నడిచే జనం మీటరు వెడల్పుకు నిమిషానికి 50 మంది హాయిగా వెళ్లగలరు. ఆ 1.65 మీటర్ల నేలను అలాగే వదిలేస్తే నిమిషానికి 82 మంది వెళ్తారు, వాక్‌వే పెడితే 100 మంది. అంత డబ్బు పెట్టి, అంత యంత్రాన్ని నిలబెట్టి కొనుక్కునేది నిమిషానికి 18 మందిని. వాక్‌వే వెడల్పును 1.4 మీటర్లకు పెంచినా లెక్కలో సామర్థ్యం పెరగదు, ఎందుకంటే చేతిపట్టీ అందేంత దూరంలోనే మనుషులు నిలబడాలి. ఆ అదనపు వెడల్పు ట్రాలీల కోసమే.

అయితే వాక్‌వే వద్దా? నేను వద్దనను. మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దవాళ్లను, సంకన పిల్లను, చేతిలో పెట్టెను పట్టుకుని వచ్చే తల్లులను రెండు రోజులు చూశాను. 84 మీటర్లు వాళ్లకు చిన్న దూరం కాదు. వాక్‌వే వాళ్ల కోసం ఉండాలి. ఉప్పెనను అది మోస్తుందని మాత్రం రాయకూడదు.

నడవ వెడల్పు 8 మీటర్లు. రెండు దిశల్లో రెండు వాక్‌వేలు 3.3 మీటర్లు తీసుకుంటే 4.7 మిగులుతుంది. గోడల పక్కన ఎవరూ నడవని అంచులు తీసేస్తే 4 మీటర్లు. ఎదురెదురు జనానికి మీటరుకు 40 మంది చొప్పున నిమిషానికి 160 మంది. వాక్‌వే పూర్తిగా ఆగిపోయిన రోజున కూడా మా 120 మంది ఆ నేల మీదే వెళ్లిపోవచ్చు, ఎదురొచ్చేవాళ్లకు 40 మందికి చోటు మిగులుతుంది. అది బొటాబొటీ. ఉదయం ఎదురు జనం నిమిషానికి 30 మందికి మించలేదు కాబట్టి ఒప్పుకున్నాను.

మార్పు ఇది: వాక్‌వే మొదలును ఎస్కలేటర్ల అంచు నుంచి 18 మీటర్ల దూరానికి జరిపాం, నడవ కుడి గోడ వైపు తోశాం. ఎస్కలేటర్ దిగినవాడికి ఎదురుగా కనబడేది ఖాళీ నేల. వాక్‌వే కావలసినవాళ్లు పక్కకు వెళ్లి వరుస కడతారు, ఆ వరుస గోడ వెంబడి పెరుగుతుంది, దిగేచోటును తాకదు. వాక్‌వే 12 మీటర్లు తగ్గింది. ఆర్కిటెక్టుకు ఈ వంకర నచ్చలేదు. దిగేచోట బారికేడ్ల మధ్య గంటసేపు నిలబడి చూడమని అడిగాను, చూశాక ఒప్పుకున్నారు.

పన్నెండో రోజు

ఇక పైన ప్లాట్‌ఫారం సంగతి. వేగం దారి మూసుకుపోయింది. అదే చివర మూడో ఎస్కలేటర్ పెడితే కింద దిగేచోటు మీద మళ్లీ అదే భారం. కాబట్టి ప్లాట్‌ఫారం రెండో చివర ఒక దిగే ఎస్కలేటర్ పెట్టి, జనాన్ని ముందే రెండుగా చీల్చాలి. బోగీల వారీగా లెక్కపెట్టిన అంకెల ప్రకారం 35 శాతం మందికి ఆ చివర దగ్గరవుతుంది.

ఈ చివర 364 మంది, రెండు ఎస్కలేటర్లు: గరిష్ఠ క్యూ 145, ఖాళీకి 115 సెకన్లు. సామాను రోజున 172 మంది, 135 సెకన్లు. రెండూ 216 లోపే. ఆ చివర 196 మంది, ఒక ఎస్కలేటర్: క్యూ 85, ఖాళీకి 123 సెకన్లు. సామానుతో 98. అక్కడ 50 చదరపు మీటర్ల చోటు ఉంది, వంద మందికి సరిపోతుంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ 35 శాతం. రోజూ వచ్చేవాళ్లు తమ దారికి దగ్గరగా ఆగే బోగీని ఎంచుకుని ఎక్కుతారు. కొత్త ఎస్కలేటర్ వచ్చాక వాళ్ల అలవాటు ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం. అందుకే ప్రశ్నను తిరగేశాను: ఎంతమంది పాత చివరనే పట్టుకుని ఉంటే ఈ పథకం చెడిపోతుంది? 70, 75, 80 శాతాలకు లెక్క వేస్తూ వెళ్లాను. 80 శాతం దగ్గర క్యూ 217. అంటే ఐదుగురిలో ఒక్కరు కొత్త చివరకు వెళ్లినా మామూలు రోజున ప్లాట్‌ఫారం నిలబడుతుంది. ఈ అంకె వచ్చాకే నమ్మకం కుదిరింది.

ఆలస్యమైన రైలునూ పరీక్షించాను. ఒక రైలు ఆలస్యంగా 700 మందితో వచ్చి, రెండు నిమిషాలకే తర్వాతి రైలు వస్తే ఈ చివర గరిష్ఠ క్యూ 223, తర్వాతి రైలు జనం చేరేసరికి ఇంకా 72 మంది మిగులుతారు. ఏడుగురు ఎక్కువ. కొంచెం దగ్గరగా జరుగుతారు, పట్టీ దాటరు. వెనక రైలులో సగమే ఉంటారు కాబట్టి అది సర్దుకుంటుంది.

పదమూడో రోజు

ఒక ఎస్కలేటర్ మరమ్మతులో ఉన్న రోజు. దీన్ని మినహాయింపుగా చూడకూడదు. ఖాళీ చేయించే లెక్కల్లో అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 130 ఒక ఎస్కలేటర్‌ను లేనట్టే తీసేయమంటుంది, 4 నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ కావాలంటుంది.

ఈ చివర ఒక్కటే నడిస్తే క్యూ 238, ఖాళీకి 221 సెకన్లు. 180 దాటింది కాబట్టి ప్రతి పెద్ద రైలుతో క్యూ పెరుగుతూ పోతుంది. ఆగిన ఎస్కలేటర్‌నే మెట్లుగా వాడుకోవచ్చు కదా అని ఒకరు అన్నారు. ఆగి ఊరికే నిలబడి ఉంటే నిమిషానికి 55 మంది నడిచి దిగవచ్చు. కానీ మరమ్మతు జరుగుతుంటే మెట్లు తీసేసి, చుట్టూ అడ్డం పెడతారు. అప్పుడు దాని విలువ సున్నా. కాబట్టి ఆ రోజుల్లో 2.4 మీటర్ల మెట్ల దారిని దిగేవాళ్లకే వదిలి, ఎక్కేవాళ్లను ఎక్కే ఎస్కలేటర్‌కు మళ్లించాలి. అలా చేస్తే క్యూ 179, 142 సెకన్లు. ఈ మళ్లింపుకు కావలసిన బోర్డులు, బారికేడ్లు ఎక్కడ ఉంచాలో డ్రాయింగులోనే గుర్తించాం, లేకపోతే ఆ రోజున అవి గోదాములో ఉంటాయి.

పదిహేనో రోజు

నివేదిక ఇచ్చే ముందు లెక్క నిజాన్ని పట్టుకుంటోందో లేదో చూడాలి. రాత్రి రైళ్లు ఆగాక ప్లాట్‌ఫారం నేల మీద రెండు మీటర్లకోసారి సన్నని టేపు అంటించాం. ఉదయం పైనున్న గడ్డర్‌కు బిగించిన కెమెరాతో ఐదు సెకన్లకో ఫొటో తీశాం. 8:52 రైలులో 520 మంది దిగారు. ప్రోగ్రాం చెప్పిన గరిష్ఠ క్యూ 283, 70వ సెకను దగ్గర. ఆ సమయానికి మెట్ల దారిన దిగిపోయినవాళ్లు 21 మంది. వాళ్లను తీసేస్తే 262 ఉండాలి. ఫొటో మీద చుక్కలు పెడుతూ తలలు లెక్కపెట్టాను. రెండుసార్లు. 258.

తోక మాత్రం నేను గీసినట్టు లేదు. క్యూ 18 మీటర్ల పొడవునా సమంగా పరుచుకుంటుందనుకున్నాను. నిజంలో అది ఎస్కలేటర్ నోటి దగ్గర బొద్దుగా, వెనక సన్నగా, పేరపండు ఆకారంలో ఉంది. ముందు 8 మీటర్లలో చదరపు మీటరుకు మూడున్నర మంది ఉంటే, చివరి మీటర్లలో ఇద్దరే. అంటే వెనక చోటున్నా ముందు ఇరుకుగానే ఉంటుంది. మనిషికి అర చదరపు మీటరు అన్న సగటు ముందువరుసల గురించి నిజం చెప్పడం లేదు. దీనికోసం ఎస్కలేటర్ల ముందు 5 మీటర్ల పొడవైన రెండు రెయిలింగులు కలిపాం. పక్కల నుంచి దూరేవాళ్లు వెనక నుంచి రావాల్సి ఉంటుంది, నోటి దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. వాటిని ముందు తాత్కాలిక బారికేడ్లతో ఒక వారం పెట్టి, ఇదే కెమెరాతో మళ్లీ లెక్కపెడతాం.

మరో లెక్క మిగిలి ఉంది. నా 84 మామూలు వారపు రోజు సామానుతో వచ్చిన అంకె. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవాళ్లు, తిరిగొచ్చేవాళ్లు మోసే సామాను వేరు. భోగికి ముందు రెండు రోజులు, కనుమ మర్నాడు ఉదయం ఇదే చోట నిలబడి లెక్కపెట్టడానికి స్టేషన్ అనుమతి తీసుకున్నాను. 84 కంటే ఎంత తగ్గవచ్చో ఈలోగా లెక్క వేసి ఉంచాను: నిమిషానికి 60 మందికి దిగజారితే పాత చివర క్యూ 216 దాటుతుంది. ఆ ఉదయాల్లో నేను వెతికేది ఆ 60నే.